టైప్-సి ఉంటే చాలదు మేడం

కొత్త టీచర్: ఎల్లుండి క్లాసులో నా ఫోన్‌లోంచి స్లైడ్లు ప్రొజెక్టర్ మీద వేయాలి, టైప్-సి టు హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నా, పెడితే No Signal అనే వస్తోంది. కేబుల్ మార్చాలా, వైర్‌లెస్‌కి పోవాలా?

ఫిజిక్స్ మేడం: కేబులే మార్చండి సార్, చవకది ఇచ్చుంటారు. నా గెలాక్సీ ఎస్ ఫోన్‌కి పెట్టగానే బొమ్మ వచ్చేస్తది, మూడేళ్లుగా అదే వాడుతున్నా.

ల్యాబ్ అసిస్టెంట్: మేడం, మీ ఫోన్ పోర్టు వీడియో బయటికి పంపుతుంది కాబట్టి వస్తోంది. పదిహేను వేల రూపాయల ఫోన్లలో చాలావాటికి టైప్-సి పోర్టు ఛార్జింగుకీ ఫైళ్లకీ మాత్రమే, ఎంత ఖరీదైన కేబుల్ పెట్టినా లాభం లేదు. సార్ కేబుల్ మీ ఫోన్‌కి పెట్టి చూద్దాం, దానికొస్తే కేబుల్ మంచిదే, లోపం ఫోన్‌లోనే అని తేలిపోద్ది. కొనేముందు ఫోన్ స్పెక్స్‌లో DisplayPort అని ఉందా చూస్తే ఈ గొడవే ఉండేది కాదు.

(పెట్టి చూశారు, వచ్చింది.)

ఫిజిక్స్ మేడం: సరే, ఒప్పుకున్నా. కానీ వైర్‌లెస్‌ని నేను నమ్మను. మొన్న డాంగిల్ పెడితే రెండు నిమిషాలకోసారి ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి ఆన్ అయ్యేది, పిల్లలు గోల.

ల్యాబ్ అసిస్టెంట్: దానికి పవర్ ఎక్కడ్నుంచి ఇచ్చారు?

ఫిజిక్స్ మేడం: ప్రొజెక్టర్ వెనకాల యూఎస్‌బీ ఉందిగా, అక్కడే.

ల్యాబ్ అసిస్టెంట్: అదే అయ్యుంటది మేడం. ఆ పోర్టులు కొన్ని అర ఆంపియరే ఇస్తాయి, డాంగిల్‌కి అది చాలకపోతే ఇలాగే రీస్టార్ట్ అవుద్ది. ఫోన్ ఛార్జర్‌కి పెట్టి గోడ ప్లగ్గులో పెట్టండి. ఇంకోటి, కాలేజీ వైఫై జోలికి పోవద్దు, అందులో ఒక డివైస్‌కి ఇంకోటి కనపడకుండా కట్ చేసి పెడతారు, ఫోన్ వెతుకుతూనే ఉంటది. మిరాకాస్ట్ డాంగిల్ అయితే ఫోన్‌కి నేరుగా కలుస్తది, రౌటరే అక్కర్లేదు. సార్ ఫోన్ సెట్టింగ్స్‌లో Cast అనో Wireless display అనో ఉందా చూసుకోవాలి, Cast అని ఉన్నా కొన్ని ఫోన్లలో మిరాకాస్ట్ అసలు ఉండదు.

ఫిజిక్స్ మేడం: అరవై మంది పిల్లల ఫోన్లు వైఫై వెతుకుతుంటే అది జామ్ అవదా? వీడియో పెడితే నోరు ముందు, మాట వెనక వస్తది.

ల్యాబ్ అసిస్టెంట్: వీడియో అయితే నేనూ కేబులే అంటా. స్లైడ్లకి అర సెకను ఆలస్యమైనా పర్లేదు.

ఫిజిక్స్ మేడం: జామ్ మాట?

ల్యాబ్ అసిస్టెంట్: అది రేపు ఖాళీ గదిలో కాదు, పిల్లలున్నప్పుడే చూడాలి మేడం. సార్, Do Not Disturb మాత్రం ఆన్ చేసుకోండి, లేకపోతే మీ ఇంటి వాట్సాప్ మెసేజ్ క్లాసంతా చదువుద్ది. స్లైడ్లు పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచండి, ల్యాప్‌టాప్ నేను తెస్తా.