గడియారం ఎక్కడ ఆగిందో బోర్డుకు తెలియాలి

డాక్టర్ ఉదయం పది గంటలకు వచ్చి ఇంటికి వెళ్లొచ్చని చెబుతారు. ఇంట్లోవాళ్లు బట్టలు సర్దుకుని, ఆటో మాట్లాడుకుని, బిల్లింగ్ కౌంటర్ ముందు కూర్చుంటారు. సాయంత్రం ఏడు దాటినా ఒకటే జవాబు: ‘ఇన్సూరెన్స్ అప్రూవల్ ఇంకా రాలేదండీ.’ మూడు నెలల తర్వాత ఆ బీమా కంపెనీ డైరెక్టర్ల బోర్డుకు క్లెయిమ్‌ల విభాగం నుంచి ఒక ఈమెయిల్ వెళ్తుంది. క్లెయిమ్‌ల ధోరణి, పరిష్కారానికి పట్టిన సమయం, లీకేజీ, చేపట్టాల్సిన చర్యలు అంతా కలిపి ఒకటి రెండు పేజీలు. అందులో ఈ కుటుంబం కేసు ‘గడువులోనే పూర్తయింది’ అన్న లెక్కలో చేరిపోయి ఉండొచ్చు. ఎవరూ అబద్ధం రాయకుండానే ఇలా జరుగుతుంది. ఎలా జరుగుతుందో బోర్డు సభ్యులకు, పాలసీదారులకు తెలియాలన్నది మా ఉద్దేశం.

నిబంధన స్పష్టంగానే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఆరోగ్య బీమాపై మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ అభ్యర్థన ఆస్పత్రి నుంచి అందాక 3 గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే, ఆ డబ్బును కంపెనీ తన వాటాదారుల నిధి నుంచి భరించాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణ వేసి చూద్దాం. డాక్టర్ పది గంటలకు డిశ్చార్జ్ చెప్పారు. ఆస్పత్రి తుది బిల్లును 12.10కి పోర్టల్‌లో పెట్టింది. కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ 2.40కి ఒక క్వెరీ పంపింది: ఇంప్లాంట్ స్టిక్కర్ కనిపించడం లేదు, పంపండి. ఆస్పత్రి 5.30కి పంపింది. అనుమతి 7.10కి వచ్చింది. ఇక ఎంత సమయం పట్టిందో లెక్కేయండి. కుటుంబం దృష్టిలో 9 గంటల 10 నిమిషాలు. ఆస్పత్రి అభ్యర్థన అందినప్పటి నుంచి చూస్తే 7 గంటలు. క్వెరీకి జవాబు కోసం ఎదురుచూసిన సమయాన్ని తీసేస్తే 4 గంటల 10 నిమిషాలు. క్వెరీకి జవాబు రాగానే గడియారాన్ని సున్నా నుంచి మొదలుపెడితే కేవలం 1 గంట 40 నిమిషాలు. ఒకే ఫైలుకు నాలుగు సమాధానాలు, నాలుగోది 3 గంటల గడువులో హాయిగా ఇమిడిపోతుంది. బోర్డుకు వెళ్లే మెయిల్‌లో ‘సగటు సమయం’ అని ఒక అంకె ఉంటుంది కానీ, అది ఈ నాలుగు గడియారాల్లో దేని ప్రకారం తీసిందో చాలాసార్లు రాసి ఉండదు.

క్వెరీ అవసరం లేదని మేం అనడం లేదు. మోకాలి కీలు మార్పిడిలో ఏ కంపెనీ ఇంప్లాంట్ వేశారో, దాని ధర ఎంతో తేల్చడానికి ఆ స్టిక్కరే ఆధారం. కానీ ఆపరేషన్ పూర్తయిన రోజే అది ఆస్పత్రి చేతిలో ఉంటుంది. దాన్ని డిశ్చార్జ్ రోజు మధ్యాహ్నం దాకా అడగకపోవడం పని తీరులోని లోపం. ఆ లోపం బయటపడాలంటే క్వెరీ సమయాన్ని లెక్కలోంచి తీసేయకూడదు. విడిగా ఒక వరుసలో చూపాలి. జవాబు ఆలస్యం ఆస్పత్రిదైతే ఆ సంగతీ అక్కడే తేలుతుంది.

సగటుతో మరో చిక్కుంది. వంద కేసుల్లో తొంభై గంటన్నరలో, మిగతా పది తొమ్మిది గంటల్లో తెమిలాయనుకుందాం. సగటు 2 గంటల 15 నిమిషాలు వస్తుంది. గడువు 3 గంటలు కాబట్టి మెయిల్‌లో ఆకుపచ్చ రంగు పడుతుంది. తొమ్మిది గంటలు కూర్చున్న పది కుటుంబాలు ఆ అంకెలో కనిపించవు. అందుకే సగటు పక్కన, గడువు దాటిన కేసులెన్ని, వాటిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది ఎంత అన్నవి తప్పకుండా ఉండాలి. ఆ లెక్క నిజమో కాదో చూసుకోవడానికి బోర్డు దగ్గర సులువైన మార్గం ఉంది. ఆలస్యం వల్ల వాటాదారుల నిధి నుంచి ఆ త్రైమాసికంలో ఎంత చెల్లించారని అడగాలి. గడువు దాటిన కేసులు వందల్లో ఉండి, ఈ చెల్లింపు సున్నా ఉంటే, అదనపు రోజు గది అద్దె ఎవరి జేబులోంచి పోయిందో విచారించాల్సిందే.

ఇక ధోరణి. ఐఆర్‌డీఏఐ లెక్కల ప్రకారం 2023-24లో ఆరోగ్య బీమా క్లెయిమ్‌లలో సంఖ్యాపరంగా దాదాపు 83 శాతానికి చెల్లింపు జరిగింది. డబ్బు పరంగా చూస్తే, మొత్తం దాదాపు 1.17 లక్షల కోట్ల రూపాయల క్లెయిమ్‌లకు గాను చెల్లించింది సుమారు 83 వేల కోట్లు, అంటే 71 శాతం. ఈ తేడాకు ఒక ముఖ్య కారణం కోత. లక్ష రూపాయల బిల్లుకు అరవై వేలు ఇచ్చినా ఆ క్లెయిమ్ ‘పరిష్కారమైంది’ అనే ఖాతాలోకే వెళ్తుంది. పూర్తిగా తిరస్కరించినవి ఆ ఏడాది దాదాపు 10,900 కోట్లు కాగా, పాలసీ షరతుల పేరిట అనుమతించనివి 15,100 కోట్లు. అంటే తిరస్కరణల శాతం ఒక్కటే చూసే బోర్డు, అంతకన్నా పెద్ద మొత్తాన్ని చూడకుండా వదిలేస్తోంది. క్లెయిమ్‌ను తిరస్కరించాలంటే కంపెనీలోని సమీక్షా కమిటీ ఆమోదం ఉండాలని 2024 సర్క్యులర్ చెబుతోంది. కాబట్టి తిరస్కరణలు ఎంత తగ్గాయో, పాక్షిక కోతలు అంత పెరిగాయేమో చూడటం ఇకమీదట మరింత అవసరం.

లీకేజీ దగ్గరకు వస్తే మా ఆవేదన ఇంకా ఎక్కువ. ఇవ్వాల్సిన దానికి, ఇచ్చిన దానికి మధ్య తేడాయే లీకేజీ. కంపెనీలు ముగిసిన ఫైళ్లలోంచి కొన్నింటిని తీసి మళ్లీ లెక్కకట్టించి దాన్ని కనుక్కుంటాయి. చాలాచోట్ల వెతికేది ఎక్కువ ఇచ్చిన సొమ్ము కోసమే. తక్కువ ఇచ్చింది తేలినా అది ఆ పట్టికలోకి ఎక్కదు.

గది అద్దె పరిమితి ఉన్న పాలసీలో ఇది బాగా కనబడుతుంది. 5 లక్షల పాలసీ, రోజుకు గది అద్దె పరిమితి 5,000. రోగి 8,000 గదిలో నాలుగు రోజులు ఉన్నారు. గది 32,000, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ వంటివి 96,000, మందులు, ఇంప్లాంట్ కలిపి 60,000. మొత్తం 1,88,000 రూపాయలు. పాలసీలో ఆ షరతు ఉంటే, గది స్థాయిని బట్టి మారే ఖర్చులకు కూడా ఎనిమిదింట అయిదు వంతులే చెల్లించి మిగతాది కోత పెట్టొచ్చు. కానీ మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకు ఆ కోత వర్తించదని 2020లోనే ఐఆర్‌డీఏఐ తేల్చింది. కాబట్టి సరైన చెల్లింపు గదికి 20,000, సర్జన్, థియేటర్ ఖర్చుకు 60,000, మందులకు, ఇంప్లాంట్‌కు పూర్తిగా 60,000, వెరసి 1,40,000.

ఒక ఉద్యోగి గది అద్దె ఒక్కటే తగ్గించి, మిగతాది వదిలేశారనుకోండి. 1,76,000 వెళ్తుంది, కంపెనీకి 36,000 నష్టం. మరొకరు అదే బిల్లుకు మొత్తం మీద కోత పెడితే 1,17,500 మాత్రమే వెళ్తుంది. పాలసీదారుకు 22,500 నష్టం. రెండూ తప్పులే. మొదటిది లీకేజీ పట్టికలో 36,000గా పడుతుంది. రెండోది ఎక్కడా పడదు, పైగా ‘ఆదా’ శీర్షిక కింద కలిసిపోతుంది. రెండింటినీ కలిపి 13,500 అని నికరంగా చూపినా మోసమే. రెండు ఫైళ్లలో రెండూ తప్పు లెక్కకట్టిన విషయం ఆ అంకె కింద దాగిపోతుంది. ఎక్కువ ఇచ్చినదాన్ని, తక్కువ ఇచ్చినదాన్ని వేర్వేరు వరుసల్లో చూపించాలని మేం గట్టిగా కోరుతున్నాం. తక్కువ ఇచ్చినట్టు తేలితే, పాలసీదారు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లేవరకు ఆగకుండా మిగతా సొమ్మును కంపెనీయే పంపాలి.

బిల్లుకు, చెల్లింపుకు మధ్య తేడా మొత్తాన్ని ‘ఆదా’ అని రాసే అలవాటునూ మానుకోవాలి. పాలసీలో లేని ఖర్చును తీసేయడం ఆదా కాదు. ఇవ్వాల్సింది ఇవ్వకపోవడం అసలే కాదు.

సమయం, కోత, లీకేజీ వేర్వేరు శీర్షికల కింద ఉన్నా ఒకదాన్ని లాగితే ఇంకొకటి కదులుతుంది. ప్రతి ఫైలుకూ రెండు క్వెరీలు వేస్తే లీకేజీ తగ్గినట్టు కనిపిస్తుంది, రోగి మాత్రం కౌంటర్ దగ్గర చీకటిపడేదాకా ఉంటాడు. గంటల లెక్క చక్కబడాలని ఏదీ చూడకుండా వదిలేస్తే దొంగ బిల్లులూ దాటిపోతాయి, ఆ భారం మరుసటి ఏడాది అందరి ప్రీమియం మీద పడుతుంది. అందుకే సిఫార్సు రాసేటప్పుడు, దానివల్ల మిగతా రెండూ ఎటు కదులుతాయో కూడా రాయాలి.

‘ఆస్పత్రులతో సమన్వయం పెంచుతాం’ అన్న వాక్యంతో బోర్డు ఏమీ చేయలేదు. మోకాలి కీలు కేసుల్లో ఇంప్లాంట్ స్టిక్కర్‌ను ఆపరేషన్ రోజు సాయంత్రమే తెప్పించుకుంటాం, ఆస్పత్రుల ఒప్పందాలు చూసే అధికారి బాధ్యత, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, తుది బిల్లు తర్వాత వెళ్లే క్వెరీల సంఖ్యతో ఫలితం కొలుస్తాం: ఇలా రాస్తే తదుపరి సమావేశంలో అడగడానికి ఒక ప్రశ్న మిగులుతుంది. గది అద్దె కోత విషయంలోనైతే శిక్షణ ఇస్తామనడం కన్నా, మందులు, ఇంప్లాంట్ల పద్దులకు కోత పడకుండా సాఫ్ట్‌వేర్‌లోనే తాళం వేస్తామనడం మేలు. ఎన్నిసార్లు ఆ తాళం తీశారో, ఎవరు తీశారో కూడా అందులో నమోదవుతుంది.

ఒక చిన్న పనితో ఇది వచ్చే త్రైమాసికం నుంచే మొదలుపెట్టవచ్చు. ఆ మూడు నెలల్లో డిశ్చార్జ్‌కు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టిన అయిదు ఫైళ్లను, రోగి పేరు తీసేసి, ప్రతి అడుగుకూ గంట నిమిషాలతో ఆ మెయిల్‌కు జతచేయాలి. బోర్డు సమావేశంలో అంకెల పట్టిక తెరిచేముందు వాటిని పూర్తిగా చదవాలి. బిల్లు ఎక్కిన సమయం, క్వెరీ వెళ్లిన సమయం, జవాబు వచ్చిన సమయం అన్నీ పోర్టల్‌లో ఇప్పటికే ఉన్నాయి.