ర్యామ్ పెంచాం, మీ వైఫై చూసుకోండి

మైన్‌క్రాఫ్ట్ సర్వర్ ఓనర్లంటే నాకు అపారమైన గౌరవం. ఆదివారం సాయంత్రం అరవై మంది జాయినవుతారు. పరుగెత్తినవాడు పరుగెత్తినట్టే వెనక్కి వచ్చి పడతాడు, పగలగొట్టిన రాయి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అప్పుడు ఓనరుగారు డిస్కార్డ్‌లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "ర్యామ్ 16 జీబీ నుంచి 32 చేశాం. ఇంకా ల్యాగ్ అంటే మీ వైఫై ప్రాబ్లమ్." అరవై ఇళ్లలోని వైఫైలు ముహూర్తం పెట్టుకుని మరీ ఒకే క్షణంలో పాడయ్యాయన్నమాట.

కాస్త నిదానించి చూద్దాం. ఈ ఆటలో సర్వర్ సెకనుకు 20 టిక్‌లు నడవాలి. అంటే ఒక్కో టిక్‌కి 50 మిల్లీసెకన్లు. ఆవులు నడవడం, గ్రామస్తులు మంచాలు వెతుక్కోవడం, హాపర్లు సరుకు లాగడం, ఎవరు ఎక్కడున్నారో మిగతావాళ్లకి చెప్పడం, అన్నీ ఆ 50లోనే అయిపోవాలి. 48లో ముగిసినా మీటర్ 20 అనే చూపిస్తుంది. 100 పట్టిందంటే సెకనుకు పదే. అందుకే నిన్నటిదాకా "మాది ఎప్పుడూ ట్వెంటీ టీపీఎస్" అని మీసం మెలేసిన పెద్దమనిషికి తాను గట్టు చివర నిలబడ్డానని తెలియదు.

జనం పెరిగితే పని అదే లెక్కన పెరగదు. అందరూ మొదట వచ్చి దిగే స్పాన్ దగ్గర ఇరవై మంది గుమిగూడితే ఒక్కొక్కరి కదలిక మిగతా పందొమ్మిది మందికీ చేరాలి: 380 కబుర్లు. అరవై మందైతే 3,540. మనుషులు మూడింతలు, చాకిరీ తొమ్మిదింతలు పైనే. పోనీ తలా ఒక దిక్కుకి పోయారా, `view-distance` 10 మీద ఉంటే ఒక్కొక్కడి చుట్టూ చంకులనే 441 మ్యాప్ ముక్కలు తెరిచి ఉంచాలి.

ఇదంతా చెబితే ఓనరుగారు స్క్రీన్‌షాట్ పెడతారు. ఆహా, ఆ స్క్రీన్‌షాట్! "సీపీయూ 12 శాతమే వాడుతోంది చూడండి" అని దాని చుట్టూ ఎర్రటి సున్నా. అది ఎనిమిది కోర్ల మెషీన్ సార్. వందని ఎనిమిదితో భాగించండి, పన్నెండున్నర వస్తుంది. టిక్ పనిలో అధికభాగం ఒక్క థ్రెడ్ మీదే, అంటే ఒకసారికి ఒకే కోర్ మీద నడుస్తుంది. కాబట్టి మీరు సున్నా చుట్టింది సర్వర్ ఖాళీగా ఉందనడానికి సాక్ష్యం కాదు, ఒక కోర్ ప్రాణాలు కక్కుతోందనడానికి. పంక్తిలో వడ్డించేవాడు ఒక్కడే, ఏడుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు, మీరేమో ఫంక్షన్ హాల్ పెద్దది చేయించారు. కింద లైకులు మాత్రం ముప్పై. వేసిందంతా మోడరేటర్లే అనుకోండి.

అదే మెషీన్ కన్సోల్‌లో ఈ లైను పడుతూనే ఉంటుంది:

```
Can't keep up! Is the server overloaded? Running 2500ms or 50 ticks behind
```

రెండున్నర సెకన్లు వెనకబడ్డానని మెషీన్ స్వయంగా మొత్తుకుంటోంది. దానికి కూడా వైఫై మార్చుకోమని చెబుతారేమో.

తప్పు ఎవరిదో పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. నెట్ పోతే మీ ఒక్కరికే పోతుంది. సర్వర్ చతికిలబడితే హైదరాబాద్‌లో ఉన్నవాడికీ విశాఖలో ఉన్నవాడికీ ఒకేసారి ఆవులు శిలలవుతాయి. మీ కాళ్లు మాత్రం మామూలుగానే కదులుతాయి. ఎందుకంటే మీ నడకని మీ కంప్యూటర్ ముందే చూపించేస్తుంది, సర్వర్ తీరిక చిక్కాక సరిచూస్తుంది. లెక్క కుదరకపోతే పాత చోటికి లాగి పడేస్తుంది. లాగ్‌లో `moved too quickly!` అని రాసుకుంటుంది. ఆలస్యం దానిది, అతివేగం కేసు మన మీద.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ లాగ్ చూసి స్పీడ్ హ్యాక్ అంటూ ఓ ఎనిమిదో తరగతి పిల్లాణ్ని బ్యాన్ చేశారు. పుట్టినరోజు డబ్బులతో వీఐపీ ర్యాంక్ కొనుక్కున్నాడు వాడు. క్యూలో ముందు నిలబడే హక్కుకి డబ్బు తీసుకుని, లోపలికి రానిచ్చాక దొంగ ముద్ర వేసి తరిమేశారు. సిగ్గుండక్కర్లా? సీటు లేదని తెలిసీ టికెట్ అమ్మడాన్ని ఊళ్లో మోసం అంటారు, డిస్కార్డ్‌లో "కమ్యూనిటీ సపోర్ట్" అంటారట.

ఫోలియా అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వేయిస్తామని కొత్తగా ఒకటి మొదలెట్టారు. అది మ్యాప్‌ని ప్రాంతాలుగా విడదీసి వేర్వేరు కోర్లకి పంచుతుంది, నిజమే. కానీ అరవై మందీ ఒకే స్పాన్‌లో తొక్కిసలాడితే అదంతా ఒకే ప్రాంతం, మళ్లీ ఒకే కోర్. పైగా పాత ప్లగిన్లని దానికి తగ్గట్టు మారిస్తేగానీ నడవవు.

పైసా ఖర్చులేని పని చెబుతాను. కొత్త వెర్షన్లలో `/tick query` కొట్టి, సగటున టిక్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో ఆదివారం సాయంత్రమే అందరికీ చూపించండి. ఆటగాడి చుట్టూ ఎంత దూరం వరకు ఆట నడవాలో చెప్పే `simulation-distance`ని 5కి దించండి. స్పాన్ పక్కన కిక్కిరిసిన ఆ గ్రామస్తుల ఫారాన్ని ఎత్తేయండి. అప్పటికీ 50 దాటితే `max-players` ముప్పై చేయండి. ఆ పిల్లాడి బ్యాన్ మాత్రం ఈ రాత్రికే తీయండి.