అమ్మమ్మకు బాగోలేదు, జనవరి 13 నుంచి

గోదావరి జిల్లాల అమ్మమ్మల ఆరోగ్యం మీద ఇంతవరకు ఎవరూ సరైన పరిశోధన చేయకపోవడం విచారకరం. ఏటా జనవరి రెండో వారంలో వాళ్లందరికీ ఒకేసారి ఒంట్లో బాగుండదు. పన్నెండో తారీఖు దాకా అరిసెలకు బియ్యం నానబోస్తూ ఇల్లంతా తిరిగిన మనిషి, పదమూడు సాయంత్రానికి మంచమెక్కుతుంది. కనుమ నాడు గారెలూ కోడికూరా తిన్నాక తేరుకుంటుంది. ఆదివారం రాత్రి మనవణ్ణి బండెక్కించడానికి స్టేషన్ దాకా వస్తుంది కూడా.

ఈ జబ్బు గురించి డాక్టర్లకు తెలియదు కానీ, హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ప్రొడక్షన్ సపోర్ట్ టీములు నడిపే మేనేజర్లకు క్షుణ్ణంగా తెలుసు. లక్షణాలన్నీ మెయిల్లో వస్తాయి. "రెస్పెక్టెడ్ సార్" అని మొదలై, "మీరు క్షేమమని తలుస్తాను" అని కుశలమడిగి (ఎదురు సీట్లోనే కూర్చుని), అమ్మమ్మగారి బీపీ, షుగరు, మోకాళ్లు, ఇంట్లో మగదిక్కు లేకపోవడం, తాను ఆమెకు ఎంత ముద్దో వివరించి, "కావున దయచేసి కొన్ని రోజులు సెలవు మంజూరు చేయగలరు" అని ముగుస్తుంది. నూట ఇరవై మాటలు. అందులో ఒక్క తేదీ లేదు.

ఆ మెయిల్ చదివే మనిషి ఏం చేస్తున్నాడో ఒకసారి చూడండి. క్లయింట్ కాల్లో ఉన్నాడు. మ్యూట్‌లో పెట్టుకున్నాడు. ఫోన్లో నోటిఫికేషన్ పడింది, దానికి కేటాయించగలిగింది అర నిమిషం. వేలితో పైకి తోస్తూ వెతుకుతున్నాడు: ఎప్పుడు? ఎన్ని రోజులు? ఎవరు చూసుకుంటారు? బీపీ దాటాడు, షుగరు దాటాడు, మోకాళ్ల దగ్గర ఆగి మళ్లీ పైకి వెళ్లాడు, ఎక్కడైనా వదిలేశానేమో అని. "కొన్ని రోజులు" అంటే రెండా? పదా? అంతలో క్లయింట్ తన పేరు పిలిచాడు. మెయిల్ మూసేశాడు. ఆ మెయిల్ ఇక సోమవారం దాకా తెరుచుకోదు. ఇక్కడ మనవాడేమో "సార్ కావాలనే నాన్చుతున్నాడు" అని క్యాంటీన్లో చెబుతున్నాడు. నాన్చడం కాదు నాయనా, నువ్వు అడిగింది ఏమిటో ఆయనకు తెలియలేదు.

సరే, సోమవారం తెరిచాడు. అప్పుడాయన ముందు ఎక్సెల్ షీటు ఉంటుంది. టీములో తొమ్మిది మంది. రోజుకు రెండు షిఫ్టులు, షిఫ్టుకు ఇద్దరు తప్పనిసరి. ఇంకొకరు రాత్రి ఆన్‌కాల్. అంటే ఏ రోజైనా ఐదుగురు ఉండాలి, నలుగురు వెళ్లొచ్చు. సెలవు అడిగినవాళ్లు ఏడుగురు. తణుకులో ఒక అమ్మమ్మ, భీమవరంలో ఇద్దరు, అమలాపురంలో ఒకరు, పాలకొల్లులో ఒక నాయనమ్మ, కాకినాడలో పెదనాన్న (కొత్తదనం కోసం), విజయనగరం నుంచి "ఫ్యామిలీ ఇష్యూ" ఒకటి. భీమవరం అమ్మమ్మల్లో ఒకావిడ రెండేళ్ల క్రితమే పోయినట్టు పాత మెయిల్లో ఉంది. మేనేజర్ ఆమె ఆత్మకు శాంతి కోరుకున్నాడు, మళ్లీ కోరుకోవాల్సి వస్తుందేమోనని కొంత దాచుకున్నాడు కూడా.

ఆయన ఈ ఏడు జబ్బుల్లో ఏది ఎక్కువ తీవ్రమో తూస్తాడని మనవాళ్ల నమ్మకం. అందుకే అమ్మమ్మను రెండో మెయిల్లో ఐసీయూకి మారుస్తారు. ఆయన తూచేది కారణాన్ని కాదు, ఆ షీట్లో పడే ఖాళీని. ఆ తేదీల్లో ఇప్పటికే ఎందరు లేరు, ఆ వారం ఏదైనా రిలీజ్ ఉందా, వీడి పని చేయగలిగిన రెండోవాడు ఉన్నాడా, రేపు పై మేనేజర్ అడిగితే నేనేం చెప్పాలి. కారణం ఈ లెక్క తేలాక చూసుకునేది. లెక్క తేలితే కారణం ఎవరికీ అక్కర్లేదు, తేలకపోతే ఐసీయూ కూడా ఆదుకోదు.

ఇక టికెట్టు సంగతి. రైల్వే రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది. ఒకప్పుడు 120 రోజులుండేది, 2024 నవంబరు 1 నుంచి 60 చేశారు. జనవరి 13 రాత్రి విశాఖ వైపు వెళ్లే బండికి నవంబరు 14న తెరుచుకుంది. మనవాడు ఆ రోజు 7:55కే లాగిన్ అయి, స్లీపర్లో సైడ్ లోయర్ సాధించాడు. అమ్మమ్మకు జబ్బు చేస్తుందని రెండు నెలల ముందే తెలుసన్నమాట. మేనేజర్‌కు చెప్పింది మాత్రం జనవరి 9, శుక్రవారం సాయంత్రం 6:10కి. పైగా "టికెట్ బుక్ అయిపోయింది సార్" అని తోక తగిలించాడు. ఆ ఒక్క మాటతో అది సెలవు అడగడం మానేసి సెలవు ప్రకటించడం అయింది. ఆయనకు నిర్ణయించడానికి ఏమీ మిగల్చలేదు, కాదనడం తప్ప.

అదే మాట నవంబరు 10న రాస్తే ఎలా ఉంటుందో చూడండి: "జనవరి 13 రాత్రి బండికి రిజర్వేషన్ ఈ నెల 14న తెరుచుకుంటుంది. మీరు 13లోపు చెబితే టికెట్ తీసుకుంటాను." ఇది కూడా గడువే. కానీ గడువు ఎందుకో తెలుస్తోంది, పెట్టింది రైల్వేవాళ్లు, నువ్వు కాదు. పైగా అప్పటికి ఆయన షీటు ఖాళీగా ఉంది. ఖాళీ షీట్లో మొదటి పేరు రాయడానికి ఏ మేనేజర్‌కూ చేయి వణకదు. ఏడో పేరు దగ్గరే వణుకుతుంది.

లెక్కలు రాని ఇంజనీర్లు ఇంకో రకం. "సంక్రాంతికి ఒక వారం సెలవు కావాలి" అంటారు. వారం అనగానే చదివేవాడి గుండె జారుతుంది. ఈ 2026లో భోగి బుధవారం, పండగ గురువారం, కనుమ శుక్రవారం. గురువారం ఎలాగూ కంపెనీ సెలవు. శని, ఆదివారాలు వారాంతం. మంగళవారం షిఫ్టు అయ్యాక బండెక్కి, ఆదివారం రాత్రి తిరుగు బండెక్కితే, వారం కాదు, కావలసింది రెండే పనిరోజులు: 14, 16. వారం అడిగితే బేరమాడి ఒక్క రోజిస్తాడు, రెండు అడిగితే రెండూ ఇస్తాడు. (కొన్ని కంపెనీల్లో రెండు సెలవుల మధ్య పడ్డ పండగను కూడా మింగేసే శాండ్‌విచ్ రూలు ఉంటుంది. అది ముందే హెచ్ఆర్‌ని అడిగి తెలుసుకోవాలి, వచ్చాక పేస్లిప్ చూసి కాదు.)

కాబట్టి అమ్మమ్మను హాయిగా అరిసెలు వండుకోనిచ్చి, ఇలా రాయొచ్చు. సబ్జెక్టులోనే: "సెలవు: జనవరి 14 బుధ, 16 శుక్ర, 2 పనిరోజులు." కింద: "సంక్రాంతికి ఊరు వెళ్లడానికి పై రెండు రోజులు ఈఎల్ కావాలి, బ్యాలెన్స్ 9 ఉంది. 19 సోమవారం మధ్యాహ్నం షిఫ్టుకు వస్తాను. నాకొచ్చే సపోర్ట్ టికెట్లు సురేష్ చూస్తానన్నాడు, కాపీలో ఉన్నాడు. బదులుగా ఫిబ్రవరిలో అతని షిఫ్టు నేను చేస్తాను. నెలాఖరు రిపోర్టు మార్పు ఒకటే పెండింగ్, 12కి ఇచ్చేస్తాను. లాప్‌టాప్ తీసుకెళ్లడం లేదు. మరీ అవసరమైతే ఫోన్ చేయండి."

కారణం మూడు మాటలు. పండగకు ఊరు వెళ్లడం తెలుగు దేశంలో నేరం కాదు. మేనేజర్‌ది కూడా ఏదో ఊరే. కారణం పెరిగేకొద్దీ ప్రశ్నలు పెరుగుతాయి: ఏ హాస్పిటల్, ఏ డాక్టరు, మీ మావయ్య లేడా? ఇక ఇందులో అన్నిటికంటే బరువైన మాట "చూస్తానన్నాడు, కాపీలో ఉన్నాడు". మామూలుగా రాసేది "సురేష్ చూసుకుంటాడు" అని. మేనేజర్ రెండు నిమిషాల్లో సురేష్‌ను పిలుస్తాడు. ఆ సంగతి సురేష్‌కు అప్పుడే తెలుస్తుంది. సురేష్ బ్యాగులో కూడా 13 రాత్రి టికెట్టుంది. ఇద్దరి సెలవులూ ఒకే గాలికి పోతాయి.

"ఎనీ టైమ్ అందుబాటులో ఉంటాను" అనేది ఇంకో పనికిరాని వాక్యం. కోడిపందేల బరి పక్కన నిలబడ్డవాడు సర్వర్ లాగ్ చూస్తాడని ఎవరూ నమ్మరు. ఎవరైనా నమ్మితే మరీ ప్రమాదం, నిజంగానే ఫోన్ చేస్తారు. "అన్ని పనులూ పూర్తిచేశాను" అన్నదీ అంతే. పెండింగ్ ఒకటుందని ఒప్పుకుని తేదీ వేసినవాణ్ణి నమ్మబుద్ధేస్తుంది. పై మెయిల్లోని ఆ ఏడు వాక్యాలను మేనేజర్ ఒక్క అక్షరం మార్చకుండా పై మేనేజర్‌కు ఫార్వర్డ్ చేయగలడు. ఆయన జవాబు "ఓకే". రెండక్షరాలతో సరిపోయేలా అడగడమే ఇందులో పనితనం.

ఇంతసేపూ ఉద్యోగిని ఆడిపోసుకున్నాం. అసలు ఈ అమ్మమ్మలను మంచం ఎక్కించింది ఎవరు? ఒకడు నిజాయితీగా రాశాడు, "మూడు నెలలుగా రాత్రి షిఫ్టు, అలసిపోయాను, రెండు రోజులు పడుకోవాలి" అని. "ఇప్పుడు కుదరదు" అని వచ్చింది. పక్కవాడు "నాయనమ్మ సీరియస్" అన్నాడు. "టేక్ కేర్" అని వచ్చింది. టీమంతా ఈ రెండు జవాబులూ చూసింది. పాఠం నేర్చుకుంది. వాళ్లకు అబద్ధం చెప్పడం నేర్పింది మీరు సార్, ఇప్పుడు అబద్ధాలు చెబుతున్నారని హాస్పిటల్ ఫొటో అడిగేదీ మీరే.

తండ్రి పోయాడని రాత్రి రెండు గంటలకు మెసేజ్ పెట్టినవాణ్ణి "పదకొండు రోజులెందుకు, ఐదు సరిపోవా" అని బేరమాడేవాళ్లున్నారు. కర్మ చేయాల్సిన పెద్దకొడుకుని, తలకొరివి పెట్టి వచ్చి ఇంకా తడిబట్టలు విప్పనివాణ్ణి, "హ్యాండోవర్ డాక్యుమెంట్ ఎక్కడుంది" అని అడిగేవాళ్లున్నారు. డెత్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపమంటారు, పోర్టల్లో అటాచ్‌మెంట్ తప్పనిసరట. పోర్టల్‌కు బుద్ధి లేదు సరే, నీకేమైంది? ఆ రోజు ఎవరూ సబ్జెక్ట్ లైను చక్కగా రాయనక్కర్లేదు. "నాన్న పోయారు. ఊరు వెళ్తున్నాను. ఎప్పుడొస్తానో నాలుగు రోజుల్లో చెబుతాను." ఇంతే చాలు, అది కూడా బావమరిది ఫోన్ నుంచి వచ్చినా చాలు. దానికి రావలసిన జవాబు "వెళ్లు, ఇక్కడ నేను చూసుకుంటా". అలా చూసుకోవడానికే ఆ తొమ్మిది మంది మీద నిన్ను కూర్చోబెట్టింది.

సరే. ఉగాది మార్చి 19, గురువారం. శుక్రవారం ఒక్కటి అడిగితే నాలుగు రోజులు కలిసొస్తాయి. 18 రాత్రి బండికి రిజర్వేషన్ జనవరి 17న, అంటే ముక్కనుమ నాడే, పొద్దున ఎనిమిదికి తెరుచుకుంటుంది. అప్పటికి మనవాడు ఊళ్లోనే ఉంటాడు. పూర్తిగా కోలుకున్న అమ్మమ్మ పక్కన కూర్చుని చక్కగా టికెట్ తీసుకుంటాడు. మార్చి 16 దాకా ఆవిడకేమీ కాదు.