పొట్టి మెసేజ్ మహాయజ్ఞం

మాటల పొదుపు ఉద్యమంలో ఈ మధ్యే చేరాను, చేరగానే మొదటి ప్రయోగం మా ఆఫీసు గ్రూపు మీదే చేశా.

నాకు అప్పజెప్పిన మెసేజ్ ఇదీ: "అందరికీ నమస్కారం, మీ అందరికీ తెలియజేయునది ఏమనగా, కొన్ని అనివార్య కారణాల వల్ల మంగళవారం సాయంత్రం 6 నుంచి 8 దాకా సర్వర్ ఆపేస్తున్నాం కాబట్టి దయచేసి మీరందరూ 6 లోపు మీ ఫైళ్ళు సేవ్ చేసుకోవాల్సిందిగా కోరుతున్నాం." 28 మాటలు! కత్తి తీశా.

"మంగళవారం సాయంత్రం 6 నుంచి 8 దాకా సర్వర్ ఉండదు, 6 లోపు ఫైళ్ళు సేవ్ చేసుకోండి." 13కి దిగింది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. "మీరందరూ" తీసేసినా "చేసుకోండి"లో "మీరు" ఎలాగూ కూర్చునే ఉంది, అనివార్య కారణాలేంటో ఎప్పుడూ ఎవరూ అడగరు కూడా. బుద్ధున్నోడైతే ఇక్కడ ఆగుతాడు, కానీ నేను ఉద్యమకారుణ్ణి కదా.

"మంగళ 6, 8 సర్వర్ సేవ్." ఐదే! పంపేసి నా వీపు నేనే తట్టుకున్నా.

కాసేపటికే మొదలయ్యాయి. పొద్దునా సాయంత్రమా అని ఒకరు, ఆరుకోసారి ఎనిమిదికోసారి రెండుసార్లు చెయ్యాలా అని ఇంకొకరు, సర్వర్‌ని సేవ్ చెయ్యడమంటే ఎలాగండీ అని కొత్తగా చేరినావిడ. ఒకాయనైతే ఆ రెండు గంటలే సర్వర్ ఉంటుందనుకుని పనంతా అప్పటికి దాచుకున్నాడు, ఆయన తప్పేముంది, తెలుగులో ఔనో కాదో చెప్పేది చివర్లో ఉన్న క్రియ, నేను తోక కత్తిరిస్తూ "ఉండదు"ని కూడా కత్తిరించేశా. "నుంచి", "దాకా" చూడ్డానికి చిన్న మాటలే, అవి పోయాక 6కీ 8కీ చుట్టరికం తెగిపోయింది.

విడివిడిగా అందరికీ సమాధానాలు టైప్ చేశాక లెక్కేస్తే, తీసేసిన 8 మాటల్నీ ఒక్కొక్కరికీ ఒక్కోసారి మళ్ళీ రాశానని తేలింది. నాకు మాత్రం మెసేజ్ స్పష్టంగానే కనిపించింది మరి, పోయిన మాటలన్నీ నా బుర్రలో ఉన్నాయి కాబట్టి (వారం తర్వాత అదే మెసేజ్ చూసి మంగళగ్రహం గురించి అనుకున్నా, అది వేరే సంగతి).

అయినా వెనక్కి తగ్గలా. తర్వాతి మంగళవారానికి "సర్వర్" అని ఒకే మాట పంపా.

వచ్చిన జవాబు "?".

నాకన్నా పొదుపుగా రాసేవాడు అదే ఆఫీసులో ఉన్నాడని అప్పుడే తెలిసింది.