బ్రాహ్మి మాత్ర, పదిహేను మాటల పరీక్ష

ఫిబ్రవరి మొదటి వారంలో మా అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మాయి ఇంటర్ సెకండియర్ చదువుతోంది. టేబుల్ మీద కెమిస్ట్రీ పుస్తకం, పక్కన కొత్తగా సీలు తీసిన బ్రాహ్మి మాత్రల డబ్బా ఉన్నాయి. "బాబాయ్, పరీక్షలకు నెల కూడా లేదు. రాత్రి చదివింది పొద్దున్నకి ఉండట్లేదు. ఇది వేసుకుంటే గుర్తుంటుందట, నిజమేనా?" అని అడిగింది. ఆ టెన్షన్‌లో ఉన్న పిల్లకు "అదంతా ఉత్తిదే" అని చెప్పడం సులువు. "మన పెద్దలు ఊరికే చెప్పలేదు" అనడం ఇంకా సులువు. ఆ రెండూ సరైన జవాబులు కావు. బ్రాహ్మి మీద మనుషుల్లో నిజంగానే ప్రయోగాలు జరిగాయి, వాటిలో కొంత ఫలితం కూడా కనిపించింది. ఆ కొంత ఎంత, ఎవరిలో, ఎన్నాళ్లకు అన్నదే అసలు ప్రశ్న.

ముందు డబ్బా వెనక ఏం రాసుందో చూశాను. "ఒక్కో మాత్రలో బ్రాహ్మి పొడి 250 మి.గ్రా." అని ఉంది. పరిశోధనల్లో వాడింది పొడి కాదు. మొక్కలో ఉన్నదాన్ని బాగా చిక్కబరిచి, అందులో బాకోసైడ్లు అనే పదార్థాలు ఇంత శాతం ఉండాలని లెక్క కట్టి తీసిన సారం. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారుచేసిన సారాన్నే ఆస్ట్రేలియాలో జరిగిన ముఖ్యమైన ప్రయోగాల్లో వాడారు. అలాంటి సారం ఒక గ్రాము తీయడానికి సుమారు 20 గ్రాముల ఎండు మొక్క కావాలి. వాళ్లిచ్చిన రోజువారీ మోతాదు 300 మి.గ్రా. సారం, అంటే దాదాపు 6 గ్రాముల ఎండు మొక్క. మా అమ్మాయి డబ్బాలోని పొడితో ఆ లెక్కకు చేరాలంటే రోజుకు ఇరవైకి పైగా మాత్రలు మింగాలి. అలా మింగమని కాదు నేను చెప్పేది. రెండింటి మీదా బ్రాహ్మి అనే ఉన్నా, ప్రయోగంలో వచ్చిన ఫలితాన్ని ఈ డబ్బాకు అంటగట్టలేం.

మొక్క విషయంలోనూ ఒక చిక్కుంది. ప్రయోగాల్లో వాడింది నీటి బ్రాహ్మి. చిత్తడి నేలలో పాకుతుంది. చిన్న చిన్న దళసరి ఆకులు కాడ లేకుండా జంటలు జంటలుగా వస్తాయి, తెల్లటి పూలు పూస్తుంది. మన ఇళ్లలో పిల్లలకు తెలివి వస్తుందని తినిపించే సరస్వతి ఆకు వేరే మొక్క. దాని ఆకు గుండ్రంగా విసనకర్రలా, అంచున నొక్కులతో, పొడవాటి కాడ మీద ఉంటుంది. దేశంలో కొన్నిచోట్ల దీన్నే బ్రాహ్మి అంటారు. తెలివిని పెంచేవిగా చరక సంహిత చెప్పిన నాలుగు మేధ్య రసాయనాల్లో ఉన్నది మండూకపర్ణి, అంటే ఎక్కువమంది పండితుల లెక్కలో ఈ సరస్వతి ఆకే. కాబట్టి "బ్రాహ్మి మీద రీసెర్చ్ జరిగింది" అన్న ప్రకటన చూసినప్పుడు, ఏ మొక్క మీద జరిగిందో, డబ్బాలో ఏ మొక్క ఉందో రెండూ చూసుకోవాలి.

ఇక ప్రయోగాల సంగతి. వీటిలో ఎక్కువగా వాడే పరీక్ష ఒకటుంది, అదేంటో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఒకదానితో ఒకటి సంబంధంలేని 15 మాటలు చదివి వినిపిస్తారు. తెలుగులో చేస్తే గొడుగు, నది, గంట, తోట, మేకు అన్నట్టు సాగుతుంది. గుర్తున్నవి చెప్పమంటారు. అదే జాబితా ఇలా ఐదుసార్లు వినిపించి ఐదుసార్లు అడుగుతారు. తర్వాత వేరే 15 మాటల జాబితా ఒకసారి చెప్పి మనసును అటు తిప్పుతారు. అరగంట అటూ ఇటూగా ఆగి, మొదటి జాబితాలో ఎన్ని గుర్తున్నాయో చెప్పమంటారు. చాలా పేపర్లలో "జ్ఞాపకశక్తి పెరిగింది" అంటే ఈ చివరి లెక్క, లేదా ఇలాంటిదే మరొకటి, కొంచెం మెరుగుపడిందని అర్థం. ఆర్గానిక్ రియాక్షన్‌లో తర్వాతి స్టెప్ తట్టడం, లెక్కకు ఏ సూత్రం వాడాలో పోల్చుకోవడం ఇందులో లేవు.

2002లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. 40 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 76 మందిని తీసుకున్నారు. కొందరికి బ్రాహ్మి సారం, మిగతావాళ్లకు మందులేని ఉత్తి మాత్ర మూడు నెలలు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో వాళ్లకు చెప్పలేదు. జత జతలుగా నేర్చుకున్న మాటలను కొంతసేపటి తర్వాత గుర్తుచేసుకోవడంలో బ్రాహ్మి వేసుకున్నవాళ్లు ముందున్నారు. అయితే కొత్తది నేర్చుకునే వేగంలో తేడా లేదు. ఏకాగ్రతలో లేదు, ఒక్క క్షణం మనసులో పట్టి ఉంచుకునే శక్తిలోనూ లేదు, రోజువారీ మరపులోనూ లేదు. అంటే నేర్చుకోవడం పెరగలేదు, నేర్చుకున్నది జారిపోవడం కాస్త తగ్గింది. పరిశోధకులు కూడా అంతే రాశారు. ప్రకటనలోకి వచ్చేసరికి అది "మెదడుకు పదును" అయిపోతుంది.

ఆ ఒక్క తేడాను కూడా జాగ్రత్తగా చూడాలి. ఒకే గుంపుకు రకరకాల పరీక్షలు పెట్టినప్పుడు, మందు ఏమీ చేయకపోయినా ఏదో ఒకదాంట్లో తేడా అదృష్టం కొద్దీ కనిపించవచ్చు. పరిశోధకులు వాడే కొలత ప్రకారం ఇరవై పరీక్షలు పెడితే సగటున ఒకటి అలా తప్పుగా "పాస్" అవుతుంది. అందుకే ఒక పేపర్ చూసి నమ్మకుండా, అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. 2012లో ఒక బృందం అలా ఆరు ప్రయోగాలను కలిపి చూసింది. అన్నీ 12 వారాలవే. విన్నదాన్ని సొంతంగా గుర్తుతెచ్చుకునే పరీక్షలు మొత్తం 17 ఉంటే, 9 పరీక్షల్లో బ్రాహ్మి మెరుగనిపించింది. మిగతా మేధో శక్తుల్లో పెరుగుదలకు ఆధారాలు పెద్దగా దొరకలేదు. తొమ్మిది అంటే కేవలం అదృష్టం అని కొట్టిపారేయలేం. ఎనిమిదింట్లో లేదన్నదీ దాచలేం. నా మటుకు నాకు, ఈ మొక్క ఏదో చిన్న పని చేస్తోందని, అది నెమ్మదిగా చేస్తోందని అనిపిస్తోంది.

మధ్యలో మానేసినవాళ్ల సంగతి మాత్రం చాలామంది చూడరు. 2008లో వచ్చిన ఒక ప్రయోగంలో 107 మంది చేరితే 90 రోజులు పూర్తిచేసింది 62 మందే. మిగతా 45 మంది ఫలితాలు లేవు. బ్రాహ్మితో వికారం, కడుపునొప్పి, ఎక్కువసార్లు విరేచనం కావడం కొందరిలో వస్తాయని 55 ఏళ్లు పైబడినవాళ్లపై జరిగిన మరో ప్రయోగం తేల్చింది. కడుపు గడబిడ అయినవాళ్లు మానేస్తే, మందు పడినవాళ్లే మిగిలి సగటు బాగా కనిపించే ప్రమాదం ఉంది. పైగా కడుపులో తేడా రాగానే "నాకు అసలు మాత్రే వచ్చింది" అని మనిషి ఊహిస్తాడు, ఆ ఊహే పరీక్షలో ఉత్సాహాన్నిస్తుంది. మందులేని మాత్ర పెట్టి సాధించాల్సిన లాభం అక్కడే కొంత పోతుంది.

ఇదంతా నడివయసువాళ్ల కథ కదా, విద్యార్థుల మాటేమిటి అని అడగవచ్చు. 2016లో మన దేశంలోనే 60 మంది మెడిసిన్ సెకండియర్ విద్యార్థులతో ఆరు వారాల ప్రయోగం జరిగింది. రోజుకు రెండుసార్లు 150 మి.గ్రా. సారం ఇచ్చారు, కొన్ని పరీక్షల్లో మెరుగుదల కనిపించిందని రాశారు. ఆసక్తికరమైన ఫలితమే. కానీ రెండు గుంపుల్లో కలిపి 60 మందే, ఒక్కటే బ్రాండు సారం. ఆ బ్రాండు పేరు పేపర్ శీర్షికలోనే ఉంది. కొలిచింది కూడా పరీక్షలో వచ్చిన మార్కులను కాదు. పిల్లల్లో అయితే, ఏకాగ్రత కుదరని 6 నుంచి 14 ఏళ్ల అబ్బాయిలు 112 మందిపై ఆస్ట్రేలియాలో 14 వారాల ప్రయోగం జరిగింది. ముఖ్యంగా కొలవాలనుకున్న ప్రవర్తనలో ఉత్తి మాత్రకూ బ్రాహ్మికీ తేడా రాలేదు.

మా అమ్మాయికి అన్నిటికన్నా ముఖ్యమైంది కాలం లెక్క. 2001లో 38 మందికి ఒక్కసారి 300 మి.గ్రా. ఇచ్చి రెండు గంటల తర్వాత పరీక్షలు పెట్టారు. ఏ తేడా లేదు. మంచి ఫలితాల్లో ఎక్కువ భాగం దాదాపు 12 వారాల దగ్గర వచ్చినవే. మార్చి మొదట్లో పరీక్షలంటే డిసెంబరు మొదట్లోనే మొదలుపెట్టాలి. సంక్రాంతి సెలవులయ్యాక మొదలుపెట్టినా ఏడు వారాలకు మించదు. ఫిబ్రవరిలో మొదలుపెడితే చేతికి అందేది ఒక్కటే, కడుపు గడబిడ అయ్యే అవకాశం. అది హాల్ టికెట్ పట్టుకుని పరీక్షకు బయల్దేరే రోజుల్లో.

"నేను వారం నుంచి వేసుకుంటున్నా బాబాయ్, కొంచెం బెటర్‌గానే అనిపిస్తోంది" అంది. ఆ వారంలో అదే చాప్టర్ మూడోసారి చదివింది. చదివిందే చదివితే ఎవరికైనా గుర్తుంటుంది. ఉత్తి మాత్ర వేసుకున్న గుంపు కూడా రెండోసారి పరీక్షలో మొదటిసారికన్నా బాగానే చేయవచ్చు. ఇంట్లో చేసుకునే "ముందు, తర్వాత" పోలికలో ఇది విడదీయడం కుదరదు.

మరపు తగ్గడమే కావలసినదైతే దానికి మాత్ర లేని ప్రయోగమొకటి ఉంది. 2006లో అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చారు. కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే మెరుగు, 81 శాతానికి 75. వారం తర్వాత తారుమారైంది. రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్లకు 56 శాతం. ఇద్దరూ పెట్టిన సమయం ఒక్కటే. రాత్రి చదివింది పొద్దున్నకి ఎందుకు ఉండట్లేదో ఇందులో కొంత జవాబుంది. చదవగానే వచ్చేసినట్టు అనిపించడమే మోసం చేస్తుంది. ఆ రాత్రి ఆల్డిహైడ్ల చాప్టర్ మూసి, పేరున్న రియాక్షన్లు తెల్లకాగితం మీద రాయమన్నాను. పదకొండు చదివింది, నాలుగు రాసింది. మళ్లీ పుస్తకం తెరిచి, రానివి మాత్రమే చూసుకుంది. మర్నాడు కాఫీ టైమ్‌కి తొమ్మిది రాసింది. అదేమీ ప్రయోగం కాదు. కానీ ఏ ఏడు రావట్లేదో ఆ పిల్లకు ఆ రాత్రే తెలిసింది.

వెళ్లేముందు గట్టి ప్రశ్నే వేసింది. "ఈఏపీసెట్ మేలో కదా. అప్పటికి 12 వారాలు నిండుతాయిగా?" నిండుతాయి, అది కాదనను. అయితే దానికి ఈ పొడి డబ్బా పనికిరాదు. బాకోసైడ్ల శాతం, తయారైన బ్యాచ్, సీసం వంటి లోహాల పరీక్ష గురించి చెప్పగలిగే తయారీ కావాలి, ఎందుకంటే తేమనేలలో పెరిగే ఈ మొక్క ఆ నేలలోని లోహాలను బాగా పీల్చుకుంటుంది. భోజనం తర్వాతే వేసుకోవాలి. తనకు పదిహేడేళ్లు, ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం పెద్దవాళ్ల మీద జరిగినవి కాబట్టి ముందు డాక్టర్‌ని అడగాలి. థైరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎలుకల్లో పెద్ద మోతాదు బ్రాహ్మి ఆ హార్మోన్‌ను పెంచింది. ఫిట్స్ మందులు, నిద్ర మందులు వాడేవాళ్లు కూడా అడగకుండా మొదలుపెట్టకూడదు. బ్రాహ్మి ఉంది కదా అని ఫిట్స్ మందు అసలు ఆపకూడదు. ఇవన్నీ సరిపోయి వేసుకున్నా, మేకి అందేది జాబితాలో ఒకటి రెండు మాటలు ఎక్కువ నిలిచే అవకాశం మాత్రమే.

అంతా విని డబ్బా మూత పెట్టి అలమారలో పెట్టింది. మార్చి పరీక్షలయ్యేదాకా కొత్త మాత్ర ఏదీ మొదలుపెట్టనని వాళ్లమ్మకు చెప్పింది. అప్పుడు మొదలుపెడితే మేకి 12 వారాలు నిండవు, అయినా కావాలంటే అప్పుడు డాక్టర్‌ని అడిగి చూద్దామనుకున్నాం.