లోపం చెప్తే ఎవరు కొంటారని అడిగేవాళ్లకి

ఇప్పుడే ఒకావిడ మా చెల్లికి మెసేజ్ పెట్టింది. ఆవిడ కూడా ఇన్‌స్టాలో పాత బట్టలు అమ్ముతుంది, మా చెల్లి కన్నా ముందు నుంచీ చేస్తోంది కాబట్టి సీనియర్ అట. "నువ్విలా చిరుగులూ మరకలూ లెక్కపెట్టి రాస్తే మిగతావాళ్ల దగ్గర కొనేవాళ్లకి అనుమానం రాదా? మా పొట్ట కొడుతున్నావ్" అని. చదివి నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి పొట్ట ఎవరు కొడుతున్నారండీ? చంకలో పసుపు మరకున్న కుర్తీని ఆ మరక లోపలికి పోయేలా మడతపెట్టి ఫొటో తీసి, "నో రిటర్న్, నో ఎక్స్‌చేంజ్" అని రాసి అమ్మేది మీరు. మీ దగ్గర కొనేవాళ్లకి అనుమానం వస్తే అది మీరు తెచ్చుకున్నదే.

అసలు సంగతి చెప్తా. మా చెల్లి డిగ్రీ రెండో సంవత్సరం. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతకి వెళ్లి, కుప్పల్లో వెతికి నాలుగైదు బట్టలు తెచ్చుకుంటుంది. వాటిని వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటోలు తీసి పెడుతుంది. కాలేజీ బస్ పాస్, జెరాక్సులు, ఫోన్ రీఛార్జ్ అన్నీ ఈ డబ్బుల్లోంచే. మొదట్లో తనూ అందరిలాగే "10/10 కండిషన్ డియర్" అనే రాసేది, ఎందుకంటే అక్కడ అందరూ అదే రాస్తారు.

ఒకసారి గోధుమ రంగు కార్డురాయ్ జాకెట్ దొరికింది. 150కి కొన్నది, 550 పెట్టింది. వరంగల్ నుంచి ఒకమ్మాయి అడిగింది, "ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా అక్కా?" అని. మా చెల్లి మామూలుగానే "సేమ్ టు సేమ్ డియర్, సూపర్ కండిషన్" అని కొట్టింది. అటు నుంచి "చూసి చెప్తా అక్కా". ఈ మాటకి అర్థం అమ్మేవాళ్లందరికీ తెలుసు, ఇక రాదని. మా చెల్లి వెంటనే 500కి ఇస్తానంది. ఆ అమ్మాయి మెసేజ్ చూసింది కానీ జవాబివ్వలేదు. కొనేవాళ్లు వెనక్కి తగ్గగానే ధర తగ్గించడం అందరూ చేసేదే, కానీ ఆ పిల్లకి ఇబ్బంది ధర కాదుగా.

సాయంత్రం ఇంకో ఫొటో తీద్దామని జాకెట్‌ని కిటికీ పక్కన తగిలించింది. ఎండ పక్కనుంచి పడుతోంది. కార్డురాయ్‌కి నిలువు గీతల్లా నూగు ఉంటుంది కదా, కుడి మోచేతి దగ్గర ఆ నూగు అరిగిపోయి అరచేయంత మేర నున్నగా మెరుస్తోంది. ఎవరో ఏళ్ల తరబడి ఆ చెయ్యి బల్లమీద ఆనించి రాసుకున్నారేమో. ఎదురుగా లైటు వేసి తీసిన మొదటి ఫొటోలో అది అస్సలు కనపడలేదు, గీతల ఎత్తుపల్లాలు తెలియాలంటే వెలుతురు పక్కనుంచే పడాలి. చెల్లి ఆ చోటు దగ్గరగా ఫొటో తీసి పంపి, కింద ఒకే ఒక్క వాక్యం రాసింది: "కుడి మోచేతి దగ్గర గీతలు అరిగిపోయాయి, ముందు పంపిన ఫొటోలో కనపడదు గానీ ఎండలో కనపడుతుంది."

జవాబు వెంటనే వచ్చింది. "నేను చేతులు పైకి మడిచే వేసుకుంటా అక్కా, పర్లేదు. కొలతలు పెట్టండి." చెల్లి జాకెట్‌ని నేలమీద పరిచి చంక నుంచి చంక దాకా 20 అంగుళాలు, అంటే చుట్టూ 40 అని, పొడవు, భుజం, చెయ్యి కూడా కొలిచి పంపింది. ఆ అమ్మాయి 550 పంపేసింది, తగ్గించమని అడగనే లేదు. తర్వాత ఆ అమ్మాయే చెప్పింది, అంతకుముందు ఎవరి దగ్గరో కొన్న కుర్తీలో మరక వచ్చిందట, అప్పటి నుంచి "సూపర్ కండిషన్" అంటే భయమట.

అమ్మేవాళ్లకి అర్థం కానిది ఇదే. ఫోన్‌లో బట్ట చూసేవాళ్లు దాన్ని ముట్టుకోలేరు, వాసన చూడలేరు. చెప్పనిదాన్నంతా వాళ్లే ఊహించుకుంటారు, ఆ ఊహ ఎప్పుడూ ఉన్న లోపం కన్నా పెద్దదే. మోచేతి దగ్గర అరిగిందని తెలిస్తే చేతులు మడుచుకుంటే సరిపోతుంది. ఏముందో తెలియనప్పుడు ఏం మడుచుకోవాలి? జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే పాత కార్ల గురించి ఇదే రాశాడు, మంచిదేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ సగటు సరుకు ధరే కడతాడు, దాంతో మంచి సరుకున్నవాడు మార్కెట్లోంచి తప్పుకుంటాడు అని. దానికి 2001లో నోబెల్ కూడా ఇచ్చారు. మన సీనియర్ గారికేమో ఇంకా అంతుబట్టలేదు.

"చిన్నచిన్న లోపాలు ఉండొచ్చు, థ్రిఫ్ట్ కదా" అని, అంటే వాడిన బట్టలే కదా అని, రాస్తారు కొందరు. అది నిజం చెప్పడం కాదండీ, రేపు గొడవొస్తే "ముందే చెప్పాంగా" అనడానికి దాచిపెట్టుకున్న వాక్యం. ఎక్కడ, ఎంత, వేసుకుంటే కనపడుతుందా లేదా, ఈ మూడూ ఉంటేనే అది చెప్పినట్టు. అదీ డబ్బులు పడకముందే చెప్పాలి.

చెప్పినా అమ్మకూడనివీ ఉంటాయి. నడుము ఎలాస్టిక్ లాగితే చిటచిటమని చప్పుడొచ్చిందంటే లోపల రబ్బరు చచ్చిపోయినట్టే, కొత్తది వేయిస్తే తప్ప పనికిరాదు. పాలిస్టర్ టాపులు ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉంటాయి, ఇస్త్రీ పెట్టె తగలగానే పాత చెమట వాసన లేస్తుంది. వేసుకున్నాక ఒంటి వేడికి కూడా అదే జరుగుతుంది. అలాంటివి మా చెల్లి అమ్మదు, మసిగుడ్డలు చేస్తుంది. పోయిన డబ్బు పోయిందనుకుంటుంది. ఇరవై ఏళ్ల పిల్ల.

మరి పెద్దపెద్ద ఏసీ షోరూముల వాళ్లకేమైందో నాకిప్పటికీ అర్థం కాదు. నా పెళ్లికి అమ్మ కొన్న ముదురు ఎరుపు చీర గురించి ఇంకా మర్చిపోలేదు నేను. రంగు పోతుందా బాబూ అని అమ్మ రెండుసార్లు అడిగింది. "గ్యారంటీ అమ్మా, పోతే నా దగ్గరికి తీసుకురండి" అన్నాడు షోరూమువాడు. మొదటి ఉతుకుకే ఎరుపంతా దిగి క్రీము రంగు అంచులోకి పాకింది. తీసుకెళ్తే "మీరు సర్ఫులో నానబెట్టుంటారు" అని అమ్మ మీదే తిప్పాడు, అందరి ముందు. అమ్మ నానబెట్టలేదు. "మొదట్లో రెండు మూడుసార్లు రంగు దిగుతుంది, విడిగా చల్లనీళ్లలో జాడించండి, అంచు తడవనివ్వకండి" అని ఆ రోజే ఒక్క మాట చెప్పుంటే డ్రై క్లీనింగ్‌కే ఇచ్చేవాళ్లం కదా! చీర మాత్రం కచ్చితంగా కొనేవాళ్లం, అమ్మకి అంత నచ్చింది. అమ్ముడుపోయే చీరకి కూడా అబద్ధం ఎందుకు చెప్పాడు?

అందుకే నేనిప్పుడు ఎక్కడ కొన్నా "బాగుందా" అని అడగడం మానేశాను. "ఇందులో మీకు కనపడ్డ లోపం ఏంటి, దాని ఫొటో పక్క వెలుతురులో తీసి పంపండి" అని అడుగుతాను. వాడేసిన బట్టకి "ఏ లోపమూ లేదండీ" అని రెండు సెకన్లలో జవాబొస్తే, ఆ మనిషి బట్టని తిరగేసి కూడా చూడలేదని అర్థం. ఆ సీనియర్ గారి పేజీలో కూడా ఇందాకే అడిగాను. నన్ను బ్లాక్ చేసింది.