సమతా తీర్పులో సరిహద్దు దాటేది ఎంత?

ఒడిశాలోని రాయగడ కోర్టు బయట టైపు చేయించిన ఒక పిటిషన్ ఈమధ్య నా చేతికి వచ్చింది. గని లీజుపై ఫిర్యాదు అది. వెనక ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల గని లీజులపై సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు నకలు, దాదాపు ప్రతి పేజీలోనూ పసుపు గీతలు. గీసినదంతా ఒడిశా ప్రభుత్వాన్ని కట్టిపడేస్తుందని పిటిషన్ వాదన. అది నిలబడదు. గిరిజనుల పక్షాన ఉన్నవాడిగానే ఈ మాట అంటున్నాను.

తీర్పులో రెండు రకాల మాటలుంటాయి. ఫలితం దేనిమీద నిలబడిందో ఆ కారణం రేషియో డిసిడెండై. దారిలో చెప్పిన తక్కిన మాటలు ఆబిటర్ డిక్టా. కింది కోర్టులను కట్టిపడేసేది మొదటిదే. సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది కూడా ఒడిశా నుంచి వెళ్లిన కేసులోనే. సుధాంశు శేఖర్ మిశ్రా కేసులో, తీర్పులోని ప్రతి వ్యాఖ్యా, వాటి నుంచి తర్కంతో రాబట్టేదీ ప్రమాణం కావని తేల్చింది.

మరి రేషియోను పట్టుకోవడం ఎలా? తీర్పు పైన వేసే సారాంశం, అంటే హెడ్‌నోట్ పక్కన పెట్టి, కోర్టు ముందున్న ప్రశ్నను వెతకాలి. సమతా కేసులో వివాదం అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా పరిసర గ్రామాల్లో గిరిజనేతర కంపెనీలకు ఇచ్చిన గని లీజులది. ఆంధ్రప్రదేశ్ 1959 భూబదలాయింపు నిబంధనల 3వ సెక్షన్ ప్రకారం ఏజెన్సీలో ఏ ‘వ్యక్తి’ అయినా, గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనేతరుడికి భూమి బదలాయిస్తే చెల్లదు. ఆ ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా ఉందా? ఉందని 1997లో ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరన్నారు. జస్టిస్ పట్నాయక్ విభేదించారు.

ఇప్పుడు ఆ జవాబును తలకిందులు చేసి చూడండి. ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కాదనుకుంటే సర్కారు భూములపై ఆ లీజులకు ఈ సెక్షన్ అడ్డు కాదు, ఫలితం మారిపోతుంది. కాబట్టి అది రేషియో. అదే తీర్పులో లీజుదారుల నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల నీటి వసతి, బడులు, ఆసుపత్రుల కోసం కేటాయించాలన్న మాట ఉంది. దాన్ని తీసేసినా బొర్రా లీజులు చెల్లకుండానే పోతాయి. నాకు ఎంతో ఇష్టమైన మాటే, కానీ ఫలితం దానిమీద ఆధారపడలేదు.

ఒడిశాకు వద్దాం. ఇక్కడి 1956 నిబంధన పేరులోనే ‘షెడ్యూల్డు తెగల వారు చేసే’ బదలాయింపు అని ఉంది. అమ్మేవాడు గిరిజనుడైనప్పుడే అది పనిచేస్తుంది. ‘గిరిజనుడైనా కాకపోయినా’ అన్న మాట ఇక్కడ లేదు. సమతా రేషియో ఏ కొక్కేనికి వేలాడుతోందో ఆ కొక్కెమే ఇక్కడి చట్టంలో లేదు.

గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం అయిదో షెడ్యూలు దేశమంతటికీ ఒకటే కదా, మెజారిటీ దానిమీద కూడా ఆధారపడింది కదా అని మిత్రులంటారు. బలమైన వాదనే. కానీ జవాబు ఆ తీర్పులోనే ఉంది. ఇతర రాష్ట్రాల చట్టాలు గని లీజులను పూర్తిగా నిషేధించకపోతే కార్యదర్శుల కమిటీ, మంత్రివర్గ ఉపసంఘం పరిశీలించాకే నిర్ణయించాలని అది చెప్పింది. అయిదో షెడ్యూలే అన్నిచోట్లా లీజులను అడ్డుకుంటే ఆ కమిటీలతో పనేమిటి? పేజీ పేజీకీ పసుపు గీసినవారు ఈ పేరా దగ్గర ఆగినట్టు లేదు.

ఇదే కొలత అటువైపూ వాడాలి. ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కో వాటాల అమ్మకం కేసులో సుప్రీంకోర్టు సమతా మెజారిటీ సరైనదేనా అని గట్టి సందేహం వెలిబుచ్చింది. అప్పటి నుంచి సమతా చచ్చిపోయిందనే అధికారులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. బాల్కోలో ఈ అంశంపై వివాదం కోర్బా భూములది, వర్తించిన చట్టం మధ్యప్రదేశ్ రెవెన్యూ కోడ్. ఆ చట్టం మాటలు వేరు కాబట్టి సమతా వర్తించదన్నారు, ఫలితం అక్కడే తేలిపోయింది. సందేహం చెప్పకపోయినా బాల్కో ఓడేది కాదు. అది ఆబిటర్. పైగా అదీ ముగ్గురి ధర్మాసనమే, ముగ్గురు ఇచ్చిన తీర్పును అంతే మంది రద్దు చేయలేరు. పార్వతీపురం వైపు సమతా నేటికీ చెక్కుచెదరలేదు.

రాయగడ వాసులకు తమదైన రేషియో నియమగిరి కొండల్లో బాక్సైట్ గనిపై వచ్చిన 2013 తీర్పులో ఉంది. అటవీ హక్కుల చట్టం కింద సాంస్కృతిక, మతపరమైన హక్కులను కూడా గ్రామసభ ముందు పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 ఊళ్ల గ్రామసభలూ, అక్కడి మాటలో పల్లిసభలు, గనిని కాదన్నాయి. ఆ పిటిషన్‌లో దీనికి చోటు ఒక్క వాక్యం.

అసలు పోరు జరగాల్సింది చట్టం మాటల దగ్గర. 2023 నవంబరులో 1956 నిబంధనను సడలించి, గిరిజన భూమిని గిరిజనేతరులకు అమ్మేందుకు వీలిచ్చే సవరణను ఒడిశా మంత్రివర్గం ఆమోదించింది. జనం తిరగబడటంతో రోజుల్లోనే ఆపేసింది. నిబంధనను సడలించకుండా ఆపగలిగినవారు, అందులో ‘గిరిజనుడైనా కాకపోయినా’ అన్న మాటను చేర్చమని కూడా అడగాలి. ఆ మాట చేరిన రోజు సమతా రేషియో రాయగడ కోర్టులోకి దర్జాగా నడిచివస్తుంది.